రాని బాకీని కొట్టేయడం, మళ్లీ వస్తే రాసుకోవడం: ఒక కొట్టు మూడేళ్ల లెక్క

మార్చి నెలాఖరున పాత బాకీల లిస్టు ప్రింటు తీసి యజమాని ముందు పెడితే, చాలామంది అనే మాట ఒకటే: "ఉండనివ్వండి సార్, ఎప్పటికైనా ఇస్తాడు." అలా ఉండనిచ్చిన బాకీలే ఏళ్ల తరబడి ఆస్తి అప్పుల పట్టికలో కూర్చుని, లేని డబ్బును ఉన్నట్టు చూపిస్తాయి. ఇంకొందరు దీనికి పూర్తిగా ఎదురు. కోపంలో "కొట్టేయండి, వాడి పేరు కూడా నాకు కనబడకూడదు" అంటారు. రెండేళ్లకు ఆ పార్టీ వచ్చి డబ్బు కట్టినప్పుడు ఆ డబ్బును ఎక్కడ రాయాలో తెలియక తికమక పడతారు.

లెక్క మొదలుపెట్టే ముందు ఒక మాట సరిచేసుకోవాలి. బ్యాంకులు మొండి బాకీలను రైటాఫ్ చేశాయన్న వార్త వచ్చినప్పుడల్లా "మాఫీ చేశారు" అని గొడవ జరుగుతుంది. మాఫీ అంటే అప్పు తీసుకున్నవాడికి ఇక కట్టక్కర్లేదని చెప్పడం. రైటాఫ్ అంటే మన పుస్తకంలో ఆస్తిగా చూపడం ఆపేయడం, అంతే. బాకీ అతని మీద అలాగే ఉంటుంది, అడిగే హక్కూ మనకు ఉంటుంది. అందుకే కొట్టేసిన పార్టీకి "మీ ఖాతా నిల్వ సున్నా" అని బ్యాలెన్స్ కన్ఫర్మేషన్ మాత్రం పంపకండి. సాఫ్ట్‌వేర్ నుంచి అందరికీ ఒకేసారి పంపేటప్పుడు ఈ పొరపాటు సులువుగా జరిగిపోతుంది. రేపు కోర్టుకు వెళ్తే అవతలివాడు చూపించేది ఆ కాగితమే.

ఇప్పుడు ఒక ఎలక్ట్రికల్ హోల్‌సేల్ కొట్టును ఉదాహరణగా తీసుకుందాం. వైర్లు, స్విచ్చులు కాంట్రాక్టర్లకూ చిన్న షాపులకూ అరువు మీద ఇస్తారు. 2023 మార్చి 31న రావలసిన బాకీలు మొత్తం 8,36,000 రూపాయలు.

మొదట పేరున్న బాకీని తేల్చండి

లిస్టులో ఒక్కొక్క పేరూ చూస్తూ రెండు కుప్పలు చేయాలి. ఒకటి, ఇక రాదని తెలిసిపోయినవి. రెండు, వస్తాయో రావో ఇప్పుడే చెప్పలేనివి. మొదటి కుప్పలోవి కొట్టేస్తాం. రెండో కుప్పకు ప్రొవిజన్ పెడతాం, అంటే అందులో ఎంత పోవచ్చో అంచనా వేసి అంత మొత్తాన్ని లాభంలోంచి ముందే తీసి పక్కన పెడతాం. పాఠ్యపుస్తకాల్లో దీన్నే సంశయాత్మక బాకీల ఏర్పాటు అంటారు. కొట్టేసే బాకీకి ఒక పేరు ఉంటుంది, ప్రొవిజన్‌కు ఉండదు. కింద చెప్పే పద్దులన్నీ ఈ తేడా మీదే నడుస్తాయి.

మన కొట్టులో ఒక వైరింగ్ కాంట్రాక్టర్ 36,000 బాకీ. చివరి బిల్లు 2022 మే నెలది. ఫోన్ స్విచాఫ్. గది ఖాళీ చేసి వెళ్లిపోయాడు. రిజిస్టర్డ్ పోస్టులో పంపిన ఉత్తరం తిరిగొచ్చింది. ఆ కవరును చించకుండా ఫైల్లో పెట్టండి. బాకీ నిజంగా పోయిందని నిరూపించే బాధ్యత ఆదాయపు పన్ను విషయంలో ఇప్పుడు లేదు. పుస్తకాల్లో రాని బాకీగా కొట్టేస్తే చాలని టీఆర్ఎఫ్ అనే కంపెనీ కేసులో సుప్రీంకోర్టు 2010లోనే చెప్పింది. అయినా కవరు ఉంటే ఆడిటర్ అడిగినప్పుడు టెన్షన్ ఉండదు.

పద్దు ఇది:

రాని బాకీల ఖాతా, డెబిట్ 36,000
కాంట్రాక్టర్ ఖాతా, క్రెడిట్ 36,000
(2022 మే బిల్లు, పార్టీ ఆచూకీ లేనందున కొట్టివేత)

ట్యాలీలో అయితే ఇది జర్నల్ వోచర్, F7. ఇక్కడ ఒక చిన్న గుంట ఉంది, చాలామంది పడతారు. పార్టీ ఖాతాను క్రెడిట్ చేసేటప్పుడు బిల్లు వివరం అడుగుతుంది. అక్కడ `Agst Ref` ఎంచుకుని పాత బిల్లు మీదికే సర్దాలి. తొందరలో `On Account` కొట్టేస్తే ఖాతా నిల్వ సున్నా అవుతుంది కానీ, బాకీల రిపోర్టులో ఆ పాత బిల్లు అలాగే వేలాడుతూ, దాని కింద 36,000 క్రెడిట్ విడిగా కనిపిస్తుంది. వయసువారీగా బాకీలు విడదీసినప్పుడు ఆరు నెలలు దాటిన గడిలోకి ఈ చచ్చిన బిల్లు వచ్చి పడుతుంది. దాని మీద మళ్లీ ప్రొవిజన్ వేస్తారు. ఒకే నష్టం రెండుసార్లు రాసుకున్నట్టు.

జీఎస్టీ గురించి కూడా ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే అందరూ అడుగుతారు. ఈ 36,000లో 18 శాతం లెక్కన దాదాపు 5,490 రూపాయలు పన్ను. అమ్మిన నెల లెక్కలోనే ప్రభుత్వానికి కట్టేశాం. కొనుక్కున్నవాడు డబ్బు ఇవ్వలేదన్న కారణంతో అది వెనక్కి రాదు. సరుకు తిరిగొస్తేనో, నాణ్యత బాగాలేదంటేనో, బిల్లులో ధరో పన్నో ఎక్కువ పడితేనో క్రెడిట్ నోట్ ఇవ్వొచ్చు. రాని బాకీకి ఆ దారి లేదు. కొందరు "సరుకు తిరిగొచ్చినట్టు రాసేద్దాం" అని సలహా ఇస్తారు. స్టాకులో లేని సరుకును ఎక్కడి నుంచి చూపిస్తారు?

మిగిలిన బాకీలకు ప్రొవిజన్

కొట్టేసినది తీసేశాకే శాతం లెక్కకట్టాలి. 8,36,000లో 36,000 పోతే 8,00,000. ఈ వరుస తారుమారు చేసి మొత్తం మీద శాతం వేయడం పరీక్షల్లోనే కాదు, ఆఫీసుల్లోనూ చూశాను. ఇంకో సంగతి, అడ్వాన్సు ఇచ్చిన కస్టమర్ల క్రెడిట్ నిల్వలు ఈ మొత్తంలో కలిసిపోయి ఉంటే విడదీయండి. ఒకరి అడ్వాన్సు ఇంకొకరి బాకీని తగ్గించదు కదా.

అందరికీ కలిపి 5 శాతం అని వేయడం సులువే. కానీ నిన్న బిల్లయిన బాకీ, ఏడాది దాటిన బాకీ ఒకటి కావు. వయసు ప్రకారం విడదీస్తే మన కొట్టు లెక్క ఇలా వచ్చింది:

| బాకీ వయసు | మొత్తం | శాతం | ప్రొవిజన్ |
|---|---|---|---|
| 90 రోజుల లోపు | 5,50,000 | 1 | 5,500 |
| 91 నుంచి 180 రోజులు | 1,50,000 | 5 | 7,500 |
| 181 నుంచి 365 రోజులు | 70,000 | 20 | 14,000 |
| ఏడాది దాటినవి | 30,000 | 50 | 15,000 |
| మొత్తం | 8,00,000 | | 42,000 |

ఈ శాతాలు ఎక్కడివి అంటారా? ఏ చట్టంలోనూ లేవు, పక్క కొట్టువి మీకు పనికిరావు. మీ పాత పుస్తకాలే చెబుతాయి. ఒక మార్చి 31న ఏడాది దాటిన బాకీలు 90,000 ఉన్నాయనుకోండి. తర్వాతి రెండేళ్లలో వాటిలో 46,000 వసూలైంది. అంటే దాదాపు సగం పోయింది. ఆ గడికి 50 శాతం పెట్టడానికి కారణం దొరికింది. మిగతా గడులకూ ఇలాగే రెండు మూడేళ్లవి చూసి వేయండి. ఎలా వేశారో ఒక కాగితం మీద రాసి ఉంచండి. వచ్చే ఏడు లాభం తక్కువ కనిపిస్తోందని శాతాలు మార్చాలనిపించినప్పుడు ఆ కాగితమే మీ చెయ్యి పట్టుకుంటుంది.

లాభనష్టాల ఖాతా, డెబిట్ 42,000
సంశయాత్మక బాకీల ఏర్పాటు ఖాతా, క్రెడిట్ 42,000

ఇందులో ఏ పార్టీ ఖాతానూ ముట్టుకోలేదని గమనించండి. ఏడాది దాటిన 30,000 బాకీదారుకు సగమే చూపించి "మీరు 15,000 ఇవ్వాలి" అని లెక్క పంపితే ఇక అంతే. ఆస్తి అప్పుల పట్టికలో బాకీలు 8,00,000, అందులో ప్రొవిజన్ 42,000 తీసివేత, నికరం 7,58,000. ఈ ఏడాది లాభం మీద పడిన మొత్తం భారం 36,000, 42,000 కలిపి 78,000.

ట్యాలీలో ఈ ప్రొవిజన్ లెడ్జరును `Sundry Debtors` గ్రూపులో పెట్టకండి. పెడితే బాకీదారుల లిస్టులో అదీ ఒక మనిషిలా కనిపిస్తుంది. ఒకచోట కొత్తగా చేరిన కుర్రాడు దాని ఫోన్ నంబరు కోసం వెతికాడు. `Current Assets` కింద విడిగా పెట్టి క్రెడిట్ నిల్వతో ఉంచితే పట్టికలో దానంతట అదే తీసివేతగా వస్తుంది.

రెండో ఏడు తేడా మాత్రమే

అసలు తప్పులు మొదలయ్యేది ఇక్కడే. మొదటి ఏడాది కొత్తగా మొదలుపెట్టాం కాబట్టి మొత్తం 42,000 వేశాం. రెండో ఏడాది ప్రొవిజన్ డబ్బా ఖాళీగా లేదు. అందులో నిరుటిది ఉంది.

2023 అక్టోబరులో ఒక మోటారు రివైండింగ్ షాపు మూతపడింది. బాకీ 28,000. కొట్టేసే పద్దు పైన రాసినట్టే: రాని బాకీల ఖాతా డెబిట్, ఆ షాపు ఖాతా క్రెడిట్. మార్చి వచ్చాక ఈ 28,000ను నేరుగా లాభనష్టాల ఖాతాకు పంపకుండా ప్రొవిజన్‌కు పంపుతాం. ఇలాంటి రోజు కోసమే కదా దాన్ని పెట్టింది.

సంశయాత్మక బాకీల ఏర్పాటు ఖాతా, డెబిట్ 28,000
రాని బాకీల ఖాతా, క్రెడిట్ 28,000

42,000లో 28,000 పోగా డబ్బాలో మిగిలింది 14,000. 2024 మార్చి 31న వయసువారీ పట్టిక మళ్లీ వేస్తే, పాత బాకీలు కాస్త పెరగడంతో కావలసిన ప్రొవిజన్ 51,000 అని తేలింది. ఉన్నది 14,000, కావలసింది 51,000. కాబట్టి లాభనష్టాల ఖాతాలో 37,000 మాత్రమే డెబిట్ చేస్తాం.

దీన్ని ఇంకో వైపు నుంచి సరిచూసుకోండి. ఈ ఏడాది నిజంగా పోయింది 28,000. ప్రొవిజన్ 42,000 నుంచి 51,000కు పెరిగింది, అంటే 9,000. రెండూ కలిపితే 37,000. ఈ రెండు దారుల్లోనూ ఒకే అంకె రాకపోతే ఎక్కడో ఒకచోట రెండుసార్లు రాశారని అర్థం. మామూలుగా దొరికే తప్పు, 28,000ను లాభనష్టాల ఖాతాకూ పంపి, ప్రొవిజన్‌లోంచీ తీసేయడం. లేదంటే నిరుటిది మరిచిపోయి 51,000 మొత్తాన్నీ మళ్లీ వేయడం. అలాచేస్తే డబ్బాలో 65,000 చేరుతుంది, లాభం ఉత్త పుణ్యానికి 14,000 తగ్గుతుంది.

పోయిందనుకున్నది తిరిగొస్తే

2024 జూన్. గది ఖాళీ చేసి వెళ్లిన కాంట్రాక్టర్ ఒక మధ్యాహ్నం కొట్టుకు వచ్చాడు. వేరే ఊళ్లో పని దొరికిందట. "ఏమనుకోకండి అన్నా, పరిస్థితి బాగాలేక అలా వెళ్లిపోయాను. ఇప్పటికి ఇరవై తీసుకోండి, మిగతాది దసరాకు" అన్నాడు. ఫోన్లోంచి 20,000 కొట్టాడు.

నేను ఈ పని మొదలుపెట్టిన కొత్తలో ఇలాంటి డబ్బును నేరుగా ఆ పార్టీ ఖాతాకే క్రెడిట్ చేశాను. డబ్బు ఇచ్చింది అతను, కాబట్టి అతని ఖాతాకే అనుకున్నాను. కానీ కొట్టేసిన రోజే ఆ ఖాతా సున్నా అయిపోయింది. సున్నా మీద క్రెడిట్ చేస్తే అతనే మనకు అడ్వాన్సు ఇచ్చినట్టు, మనమే అతనికి బాకీ ఉన్నట్టు అవుతుంది. ఏడాది చివర్లో ఆడిటర్ గారు ఆ క్రెడిట్ నిల్వ మీద పెన్సిలుతో సున్నా చుట్టి, "ఈయనకు మనం ఏ సరుకు ఇవ్వాలయ్యా?" అని అడిగారు. జవాబు లేదు. మీ బాకీదారుల లిస్టులో ఎప్పుడో కొట్టేసిన పేరు ఎదురుగా క్రెడిట్ నిల్వ కనిపిస్తే జరిగింది ఇదే.

సరైన పద్దు:

బ్యాంకు ఖాతా, డెబిట్ 20,000
వసూలైన రాని బాకీల ఖాతా, క్రెడిట్ 20,000

ఇది ఆదాయం. నిరుడో మొన్నటేడో నష్టంగా రాసుకున్నది ఈ ఏడు లాభంగా వెనక్కి వస్తోంది. పాత ఏడాది లెక్కలను తిరగరాయక్కర్లేదు. ఆ రోజుకు తెలిసినదాని ప్రకారం అవి సరిగానే ఉన్నాయి.

అయితే ఈ పద్ధతిలో ఒక లోటు ఉంది. పార్టీ ఖాతా తెరిచి చూస్తే అతను తిరిగి కట్టినట్టు ఎక్కడా కనిపించదు. రేపు మళ్లీ అరువు అడిగితే "ఎగ్గొట్టిన మనిషి" అనే కనిపిస్తాడు. అందుకే నేను రెండు మెట్లలో రాస్తాను. ముందు కాంట్రాక్టర్ ఖాతా డెబిట్ 20,000, వసూలైన రాని బాకీల ఖాతా క్రెడిట్ 20,000. వెంటనే బ్యాంకు డెబిట్ 20,000, కాంట్రాక్టర్ ఖాతా క్రెడిట్ 20,000. చివరి నిల్వ అదే సున్నా, కానీ చరిత్ర ఖాతాలో ఉండిపోతుంది. దసరాకు ఇస్తానన్న 16,000ను మాత్రం ఇప్పుడే ఆస్తిగా తెరవకండి. వచ్చిందాన్నే రాయండి. మాట ఇచ్చినంత మాత్రాన బ్యాంకులో పడదు.

ఆ మధ్యాహ్నం చేయాల్సిన ఇంకో పని ఉంది, లెక్క రాయడం కంటే అది ముఖ్యం. "36,000 బాకీలో ఈరోజు 20,000 చెల్లించాను, ఇంకా 16,000 ఇవ్వాలి" అని ఒక కాగితం మీద తేదీ వేసి అతని సంతకం తీసుకోండి. అరువు బాకీ మీద దావా వేయడానికి మామూలుగా మూడేళ్లే గడువు. 2022 మే బిల్లుకు అది ఇంకా దాటలేదు. గడువు లోపల కొంత డబ్బు కట్టి, దానికి సంతకంతో కాగితం కూడా ఇస్తే, అక్కడి నుంచి కొత్తగా మూడేళ్లు లెక్క. ఫోన్‌పేలో డబ్బు పడింది కదా చాల్లే అని వదిలేయకండి. చట్టం అడిగేది అతని చేతిరాతో, సంతకమో.

మూడో ఏడు ముగింపు

2024-25లో కొట్టేసినవి 6,000 మాత్రమే. నిరుటి ప్రొవిజన్ 51,000లోంచి అది తీస్తే 45,000. పాత బాకీలు చాలావరకు వసూలవడంతో 2025 మార్చి 31కి కావలసింది 33,000. ఈసారి డబ్బాలో 12,000 ఎక్కువుంది. కాబట్టి పద్దు తిరగబడుతుంది: ఏర్పాటు ఖాతా డెబిట్ 12,000, లాభనష్టాల ఖాతా క్రెడిట్ 12,000. సరిచూస్తే ప్రొవిజన్ 18,000 తగ్గింది, నష్టం 6,000, తేడా 12,000. కుదిరింది.

తిరిగొచ్చిన 20,000ను ఈ ప్రొవిజన్ డబ్బాలో కలపకుండా లాభనష్టాల ఖాతాకు విడిగా క్రెడిట్ చేయండి. కలిపినా చివరి లాభం మారదు. కానీ రిటర్ను వేసేటప్పుడు దాన్ని విడదీయాల్సి వస్తుంది, ఎందుకంటే పన్ను లెక్కలో ఈ రెండింటి దారులు వేరు. కొట్టేసిన బాకీ ఆ ఏడాది ఖర్చుగా చెల్లుతుంది. ఆ అమ్మకాన్ని ఆ ఏడాదో అంతకుముందో ఆదాయంగా చూపి ఉండాలి, అంతే. మన కాంట్రాక్టర్ బిల్లు అమ్మకాల్లో ఉంది కాబట్టి 36,000 చెల్లింది. ప్రొవిజన్ మాత్రం చెల్లదు. అది అంచనాయే కానీ కొట్టివేత కాదు. 1961 ఆదాయపు పన్ను చట్టంలో ఇవి 36, 41 సెక్షన్లలో ఉన్నాయి. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త చట్టం వచ్చింది, కాబట్టి సెక్షన్ నంబర్లు మారాయి.

మన మూడేళ్లకు పన్ను సర్దుబాటు ఇలా ఉంటుంది. మొదటి ఏడు ప్రొవిజన్‌గా వేసిన 42,000ను లాభానికి తిరిగి కలపాలి. రెండో ఏడు పుస్తకంలో 37,000 డెబిట్ ఉంది, అందులో నిజంగా కొట్టేసింది 28,000, కాబట్టి 9,000 కలపాలి. మూడో ఏడు ప్రొవిజన్ తగ్గిన 18,000ను తీసేయాలి, దాని మీద పన్ను ముందే కట్టేశాం కనుక. వసూలైన 20,000 మాత్రం పూర్తిగా ఆదాయమే, అప్పట్లో 36,000 మొత్తం ఖర్చుగా చెల్లింది కాబట్టి.

ఇక్కడ నష్టపోయేది ఎవరంటే, కొట్టివేతలను ప్రొవిజన్‌లోంచి తీసి, లాభనష్టాల ఖాతాలో రాని బాకీ అన్న మాటే కనిపించక, రిటర్నులో దాన్ని క్లెయిం చేయడం మరిచిపోయేవాళ్లు. రెండో ఏడాది 37,000 మొత్తాన్నీ "ప్రొవిజనే కదా" అని తిరిగి కలిపేస్తే 28,000 మీద ఊరికే పన్ను కట్టినట్టే. ప్రొవిజన్ లెడ్జరు తెరిచి డెబిట్ వైపు ఏమున్నాయో ఒకసారి చూస్తే ఇది దొరికిపోతుంది. మీరు అమ్మకాల మీద 8 శాతమో 6 శాతమో అని అంచనా పద్ధతిలో లాభం చూపిస్తున్నట్టయితే ఈ గొడవ మీకు లేదు. ఆ శాతంలోనే రాని బాకీ కూడా చెల్లిపోయినట్టు లెక్క, విడిగా అడగడానికి లేదు.